ఎకరం మొక్కజొన్నకి విత్తనం నుంచి మార్కెట్ దాకా అసలు ఖర్చెంత? నా లెక్క సరిచూడండి

తొలకరి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ పొలం లెక్కలన్నీ మా నాన్నే చూసుకునేవారు. ఈ సీజన్ నుంచి ఒక ఎకరం నేను సొంతంగా చేస్తున్నాను, మొక్కజొన్న వేయాలని నిర్ణయించుకున్నాను. డబ్బు ముందుగానే సమకూర్చుకోవాలి కాబట్టి ఖర్చు అంచనా వేశాను. మనం తలా ఒక చోట ఉన్నాం, రేట్లు ఒకరివి ఒకరికి కలవవు. అందుకే పాత చర్చల్లో మీరంతా రాసినట్టే నేనూ అన్నిటినీ కూలిలోకి మార్చాను. ఒక మనిషికి మా దగ్గర ఇచ్చే ఒక రోజు కూలి అంటే 1.

దుక్కి, రోటవేటర్ కలిపి ట్రాక్టర్‌కి 6. విత్తనం 8 కిలోలు, దానికి 6. ఎరువులకి 4. కూలీలకి 15, అంటే విత్తడానికి 4, కలుపుకి 6, కంకులు విరవడానికి 5. నీళ్లకి డీజిల్ ఖర్చు 3. పంట మార్కెట్‌కి చేర్చే బండికి 5. మొత్తం 39 వచ్చింది.

నాన్న పుస్తకంలో ఎకరానికి 29 క్వింటాళ్లు వచ్చినట్టు రాసి ఉంది. పోయినసారి ధర క్వింటాలుకి దాదాపు నాలుగున్నర కూలి పడింది. ఆ లెక్కన 130 వస్తుంది, ఖర్చు 39. ఇంత మిగిలేట్టుంటే నాన్న ఎందుకు ఎప్పుడూ అప్పు గురించి మాట్లాడేవారో అర్థం కావడం లేదు. ఎక్కడో తప్పు చేశానని అనుమానంగా ఉంది. ఎక్కడో చెప్పండి.

గట్టుమీద

తమ్ముడూ, నేను పెట్టుకున్న లెక్క ఒకటే. కాగితం మీద ఎంత వస్తే దానికి రెండింతలు చేతిలో ఉంచుకుంటాను. 39 వచ్చిందంటే 80 పెట్టుకో. పదేళ్లుగా ఇలాగే నడుస్తోంది, పెద్దగా తేడా రాలేదు.

ఎర్రచిట్టా

గట్టుమీద గారూ, మీరు చెప్పిన అంకె నిజానికి దగ్గరగానే ఉండొచ్చు. కానీ రెండింతలు ఎక్కడ అయిందో తెలియకపోతే ఏ ఖర్చు తగ్గించుకోవచ్చో కూడా తెలియదు కదండీ.

తొలకరీ, నువ్వు డబ్బుతో మొదలుపెట్టావు. నేనైతే ముందు కొలతలు రాస్తాను. ఎన్ని కిలోలు, ఎన్ని గంటలు, ఎంతమంది మనుషులు, ఎన్ని సంచులు. రేటు ఆఖరున వేస్తాను. రేటు ఎవరినడిగినా చెప్తారు. నీ ఇంజను ఎన్ని గంటలు నడవాలో మాత్రం నువ్వే కనుక్కోవాలి.

నాకు ముందుగా అనుమానం వచ్చింది నీళ్ల దగ్గర. డీజిల్‌కి 3 అని ఎలా వేశావు? ఎన్ని తడులు, తడికి ఎన్ని గంటలు?

తొలకరి

అక్కా, ఆరు తడులు అనుకున్నాను. తడికి 3 గంటలు, మొత్తం 18 గంటలు. ఇంజను గంటకి 900 మిల్లీలీటర్లు తాగుతుంది. ట్యాంకు నింపి ఒక గంట నడిపి, మళ్లీ నింపి చూశాను కాబట్టి ఆ అంకె సరైనదే. మా దగ్గర ఒక కూలితో ఐదున్నర లీటర్ల డీజిల్ వస్తుంది. 3 గంటలు ఎందుకన్నానంటే, మా కూరగాయల మడికి ఎప్పుడూ అంతే పడుతుంది.

ఎర్రచిట్టా

ఆ మడి ఎంత?

తొలకరి

పావు ఎకరం.

అయ్యో. ఇప్పుడు అర్థమైంది.

ఎర్రచిట్టా

అంతే. ఎకరానికి 12 గంటలు. ఇది చాలామంది చేసే పొరపాటే, ఎందుకంటే మనం నీళ్లని చూస్తాం గానీ కొలవం.

ఇంకో దారిలో కూడా సరిచూసుకో. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాని మీద 5 సెంటీమీటర్ల తడి పెట్టాలంటే 2 లక్షల లీటర్లు దాటుతుంది. ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి తీసుకుని పైపు కింద పెట్టు, ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడు. 40 సెకన్లు పడితే సెకనుకి 5 లీటర్లు. ఆ ధారతో 2 లక్షల లీటర్లు పారడానికి 11 గంటలు పైనే పడుతుంది. మడి లెక్క, డ్రమ్ము లెక్క దగ్గరగా వస్తే అప్పుడు నమ్మొచ్చు.

ఆరు తడులనేది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు. నల్లనేలలో నాలుగుతో గట్టెక్కొచ్చు, ఇసుక నేలలో ఎనిమిది కావచ్చు, వాన పడితే ఒకటో రెండో తగ్గుతాయి. నేనైతే వానని లెక్కలో వేసుకోను. పడితే ఆ డబ్బు మిగిలింది అనుకుంటాను.

బోరుబావి

అక్క చెప్పిన డ్రమ్ము పద్ధతిలో ఒక మాట కలపాలి. డ్రమ్ముని ఇంజను దగ్గర పెట్టొద్దు. నీళ్లు చేలో ఎక్కడ పడతాయో అక్కడ పెట్టు. నేను రెండేళ్లు ఇంజను దగ్గర కొలిచి మోసపోయాను.

రెండోది, సీజన్ మొదట్లో కొలిచిన ధార చివర్లో ఉండదు. నా బావిలో నీటి మట్టం దిగేకొద్దీ 40 సెకన్ల డ్రమ్ము 60 సెకన్లకి వెళ్లింది. అంటే 11 గంటల తడి 17 గంటలయ్యింది. అది కూడా సరిగ్గా పూత, పీచు వచ్చే సమయంలో. మొక్కజొన్నకి ఆ రోజుల్లో నీళ్లు తప్పితే కంకిలో గింజ పట్టదు, తర్వాత ఎంత పెట్టినా రాదు. ఆ ఏడు డీజిల్ తెచ్చుకోవడానికి డబ్బు చాలక ఒక తడి ఆపేశాను. కంకులు సగం బోడిగా వచ్చాయి. ఆ ఒక్క తడి ఖర్చు నేను మిగుల్చుకోలేదు, పోగొట్టుకున్నాను. అంచనా వేసేటప్పుడే చివరి రెండు తడులకి డబ్బు పక్కన పెట్టుకో అని అందుకే చెప్తున్నాను.

మిరపమడి

తొలకరి గారూ, మీరు డ్రిప్ పెట్టుకుంటే ఈ గంటల గొడవే ఉండదు. నేను మిరపకి డ్రిప్ వేశాను, నీళ్లు సగానికి తగ్గాయి. నారుకే నాకు మీ మొత్తం విత్తనం కంటే ఎక్కువ అయింది. కాయ కోత అయితే ఏడెనిమిది సార్లు, ప్రతిసారీ కూలీలే. ఎకరానికి వంద కూలీలు దాటిపోతాయి. నారు దగ్గర ఖర్చు ఎలా తగ్గించాలో ఎవరైనా చెప్తారా?

ఎర్రచిట్టా

మిరపమడి గారూ, మీది వేరే పంట, వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను. మిరపలో ఖర్చంతా కోత దగ్గర ఉంటుంది కాబట్టి లెక్క వేసే తీరే మారిపోతుంది. డ్రిప్ విషయం మాత్రం ఒకటి. ఆ పైపులు ఒక్క సీజన్‌వి కావు. వాటి ఖర్చుని అవి పనిచేసే ఏళ్లకి పంచి, ఈ పంట వాటా మాత్రమే వేసుకోవాలి. తొలకరి దగ్గర ఇప్పుడు అవి లేవు కాబట్టి వదిలేద్దాం.

తొలకరీ, ఎరువులకి 4 అని రాశావే, ఏమేం కొన్నట్టు?

తొలకరి

మట్టి పరీక్ష చేయించాను అక్కా. ఎకరానికి నత్రజని 80, భాస్వరం 24, పొటాష్ 20 కిలోలు అని ఇచ్చారు. అందుకే యూరియా 80 కిలోలు, డీఏపీ 24 కిలోలు, పొటాష్ 20 కిలోలు లెక్కేశాను.

గట్టుమీద

సరిగ్గానే ఉంది కదా. నత్రజని అంటే యూరియానే.

ఎర్రచిట్టా

కాదండీ, ఇక్కడే తేడా. యూరియాలో నత్రజని ఉంటుంది గానీ, యూరియా అంతా నత్రజని కాదు. నూరు కిలోల యూరియాలో నత్రజని 46 కిలోలే. డీఏపీలో భాస్వరం 46, నత్రజని 18. మామూలుగా దొరికే పొటాష్‌లో 60.

ముందు డీఏపీతో మొదలుపెట్టు. 24 కిలోల భాస్వరం కావాలంటే 24ని 0.46తో భాగించు, 52 కిలోలు వస్తుంది. ఆ 52 కిలోలతో పాటే 9 కిలోల పైచిలుకు నత్రజని కూడా చేలో పడుతుంది. దాన్ని 80లోంచి తీసేస్తే ఇంకా 70 పైన కావాలి. దాన్ని 0.46తో భాగిస్తే యూరియా 153 కిలోలు. పొటాష్ 33 కిలోలు.

నీ కాగితం మీద ఉన్నది దీనిలో దాదాపు సగం. అలాగే కొని వేసి ఉంటే మోకాలెత్తు పైరు దాటాక కింది ఆకులు కొన నుంచి మధ్య ఈనె వెంట పసుపు తిరిగేవి, అప్పుడు పరుగెత్తుకెళ్లి మళ్లీ కొనేవాడివి. ఖర్చు 4 కాదు, 7 వేసుకో.

తొలకరి

సరిచేశాను అక్కా. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. పురుగు మందులు అసలు రాయనేలేదు నేను. కలుపు మందుకీ, కత్తెర పురుగుకి రెండుసార్లు కొట్టడానికీ కలిపి 5 అనుకోవచ్చా?

ఎర్రచిట్టా

అనుకో. కత్తెర పురుగు ఎక్కువైతే మూడోసారి కూడా కొట్టాల్సి వస్తుంది. సుడిలో తడి పొట్టులాంటి రెట్ట కనపడితే పురుగు లోపల ఉన్నట్టే, మొక్క చిన్నగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఇప్పుడు మనుషుల సంగతి. నువ్వు విత్తడం, కలుపు, కోత రాశావు. ఎరువు ఎవరు వేస్తారు? మందు ఎవరు కొడతారు? నీళ్లు ఎవరు కడతారు?

తొలకరి

అవన్నీ నేనూ, నా భార్యా చేసుకుంటాం అక్కా. అందుకే రాయలేదు.

మెట్టచేను

నాయనా, నేను నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్నాను. ఇంట్లోవాళ్ల పనికి ఖర్చు రాయడం నాకు ఇష్టం ఉండదు. ఆ డబ్బు నీ జేబులోంచి ఎవరికీ పోదు. లేని ఖర్చుని కాగితం మీద పెట్టుకుంటే ఏ పంటా గిట్టుబాటు కాదనిపిస్తుంది, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పెట్టుబడి ఎంత కావాలో తెలుసుకోవడమే కదా నీకు ముఖ్యం?

ఎర్రచిట్టా

బాబాయ్, పెట్టుబడి ఎంత సమకూర్చుకోవాలి అనే ప్రశ్నకి మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఈ పంట వేయాలా, వేరేది వేయాలా అనే ప్రశ్నకి ఆ లెక్క సరిపోదు. ఆ ఇద్దరూ ఆ రోజుల్లో బయట పనికి వెళ్తే కూలి వచ్చేది. అది వదులుకుని ఈ చేలో పెట్టారు. నా చిట్టాలో రెండు గళ్లు ఉంటాయి. ఒకటి చేతి నుంచి పోయే డబ్బు, రెండోది మా ఇంటివాళ్ల రోజులు. కలిపేయను, వదిలేయను.

తొలకరీ, రోజులు లెక్కపెట్టు. ఎరువు మూడుసార్లుగా వేస్తే మొత్తం 5 మనిషి రోజులు. మందులు మూడుసార్లు, 3 రోజులు. తడికి 12, 13 గంటలు అంటే ఒక మనిషి ఒక్క రోజు పని కాదు. సాళ్లు మార్చాలి, గట్టు తెగితే కట్టాలి, ఇంజను కనిపెట్టుకుని ఉండాలి. ఒకటిన్నర రోజు వేసుకో, ఆరు తడులకి 9. అంటే మీ ఇద్దరివీ 17 రోజులు. కలుపు నువ్వు 6 అన్నావు, మందు కొట్టినా అడుగున మళ్లీ మొలుస్తుంది, 8 వేసుకో. విత్తడానికి 4. కోత కాకుండా మొత్తం 29.

మెట్టచేను

రెండు గళ్లు పెడితే నాకు అభ్యంతరం లేదమ్మా. కానీ బయట ఆ రోజు పని దొరుకుతుందని ఏమిటి నమ్మకం? దొరకని రోజుకి కూలి కట్టడం ఇప్పటికీ సరికాదంటాను.

ఎర్రచిట్టా

అది మాత్రం నిజం బాబాయ్. పని దొరకని నెలలకి నేను సగం వేస్తుంటాను. అదే సరైనదని గట్టిగా వాదించలేను.

ట్రాలీబండి

నేను పంటలు మార్కెట్‌కి తోలేవాడిని, నా వైపు నుంచి చెప్తాను. తొలకరి అన్నా, బండికి 5 అని రాశారు. అది నా బాడుగ మాత్రమే. చేలో కంకి విరిచిన దగ్గర్నుంచి కాటా మీద పెట్టేదాకా చాలా చేతులు మారతాయి. కంకులు విరవడం, కుప్ప వేయడం, మిషన్‌లో గింజ ఒలవడం, ఆరబోయడం, సంచులు, ఎత్తడం, దించడం. జనం బండి ఒక్కటే రవాణా అనుకుంటారు. బండి ఎక్కేలోపే అంతకు నాలుగైదింతలు అయిపోతుంది.

ఇంకోటి, నా బాడుగ బస్తాకి కాదు, ట్రిప్పుకి. 50 బస్తాలు వేసినా 30 వేసినా డీజిల్ అంతే, తిరుగు ప్రయాణం ఖాళీగానే. పక్కచేను వాళ్లతో కలిసి ఒకే రోజు తోలుకుంటే ఇద్దరికీ సగం సగం పడుతుంది. నేనే చెప్తుంటాను, నా ట్రిప్పు ఒకటి తగ్గినా ఫర్వాలేదని.

గట్టుమీద

నేను రవాణా, కోత అన్నీ క్వింటాలుకి ఇంత అని వేసేస్తాను. పంట తక్కువ వస్తే ఖర్చు కూడా తగ్గుతుంది కదా, నష్టం అంత ఉండదు.

ఎర్రచిట్టా

సగం నిజమండీ. ఒలుపు మిషను, సంచులు, ఎత్తు దింపులు పంటతో పాటు తగ్గుతాయి. బండి తగ్గదు. కోత కొంచెమే తగ్గుతుంది, ఎందుకంటే కంకి చిన్నదైనా కూలి మనిషి ప్రతి సాలూ నడవాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, కోతకి ముందు పెట్టినదంతా అప్పటికే నేలలో పోసేశాం.

తొలకరి లెక్కతోనే చూద్దాం. ముందు 29 క్వింటాళ్ల సంగతి. తొలకరీ, నాన్న గారు ఆ తూకం ఎప్పుడు వేశారు? ఒలిచిన రోజా, ఆరబోశాకా?

తొలకరి

నాన్నని అడిగాను. ఒలిచిన రోజే మిషను దగ్గర వేసిన తూకం అన్నారు.

ఎర్రచిట్టా

అనుకున్నాను. అప్పుడు గింజలో తేమ 25 శాతం దగ్గర ఉండి ఉంటుంది. మార్కెట్లో తరుగు పోకుండా అమ్మాలంటే 14కి రావాలి. నూరు కిలోల పచ్చి గింజలో నీళ్లు పోను అసలు సరుకు 75 కిలోలు. ఆరాక నూరు కిలోల్లో సరుకు 86 ఉండాలి. కాబట్టి 75ని 0.86తో భాగిస్తే 87 కిలోలు. నూటికి 13 కిలోలు ఎండకి పోయినట్టే. ఆ లెక్కన 29 క్వింటాళ్లు 25 అవుతాయి. ఎవరూ దొంగిలించలేదు, నీళ్లు ఆరిపోయాయి. ఇది తెలియక కాటా దగ్గర గొడవపడిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక 25 క్వింటాళ్లకి కోత తర్వాత ఖర్చు. కంకులు విరవడం 10, ఒలుపు 5, ఆరబోత 4, 50 సంచులకి 3, ఎత్తు దింపులు 3, బండి 5. మొత్తం 30. కోతకి ముందు ట్రాక్టర్ 6, విత్తనం 6, ఎరువు 7, మందులు 5, మనుషులు 29. నీళ్లు నువ్వు డ్రమ్ము పెట్టి చెప్పాక వేద్దాం.

తొలకరి

ఇవాళ పొద్దున్నే డ్రమ్ము పెట్టాను. బోరుబావి అన్న చెప్పినట్టు రెండు చోట్లా కొలిచాను. ఇంజను దగ్గర 40 సెకన్లు. చేలో 48 సెకన్లు!

పైపు వెంట నడుచుకుంటూ వెళ్తే మధ్యలో ఒక జాయింటు దగ్గర నేల బురదగా ఉంది, గడ్డి కూడా అక్కడ మాత్రమే పచ్చగా ఉంది. రోజూ దాని మీద నుంచే దాటి వెళ్తున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు. 48 సెకన్లతో తడికి 13 గంటలన్నర. ఆరు తడులకి 81 గంటలు, 73 లీటర్ల డీజిల్, అంటే 13 కూలి. నేను రాసింది 3.

బోరుబావి

జాయింటు వెంటనే బాగుచేయించు. మళ్లీ 40 సెకన్లకి వస్తే తడికి రెండు గంటల పైన మిగులుతుంది. సీజన్ మొత్తానికి 12 లీటర్లు, రెండు కూలీల పైన. జాయింటు ఖర్చు అందులో ఏపాటిది.

ఎర్రచిట్టా

బాగుచేశాక మళ్లీ కొలిచేదాకా 13నే ఉంచుదాం. కోతకి ముందు 66, తర్వాత 30, మొత్తం 96. 25 క్వింటాళ్లకి పంచితే క్వింటాలు తయారీకి 3.84 కూలి.

ఇప్పుడు గట్టుమీద గారి మాట. వాన మొహం చాటేసి 15 క్వింటాళ్లే వచ్చాయనుకోండి. 66 అలాగే ఉంటుంది. కోత 10 బదులు 8, ఒలుపు 3, ఆరబోత 3, సంచులు 2, ఎత్తు దింపులు 2, బండి అదే 5. మొత్తం 23. అన్నీ కలిపి 89. పంట 25 నుంచి 15కి పడిపోయింది, ఖర్చు మాత్రం 96 నుంచి 89కి తగ్గింది, అంతే. క్వింటాలు ఖర్చు దాదాపు 6 అయింది. నాలుగున్నర ధరకి అమ్మితే 22 కూలీల నష్టం.

గట్టుమీద

అమ్మా, ఇలా ఎప్పుడూ విడగొట్టి చూడలేదు. నా రెండింతల లెక్కలో చెడ్డ ఏడు ఎందుకు అంత దెబ్బ కొడుతుందో ఇప్పుడు తెలుస్తోంది.

తొలకరి

అక్కా, అయితే కనీసం ఎన్ని క్వింటాళ్లు వస్తే చేతులు కాలకుండా ఉంటాయి?

ఎర్రచిట్టా

పై రెండు లెక్కల మధ్య 10 క్వింటాళ్ల తేడాకి ఖర్చు 7 మారింది. అంటే క్వింటాలు పెరిగితే 0.7 పెరుగుతుంది. వెనక్కి లాగితే పంట ఎంత వచ్చినా తప్పని ఖర్చు 78న్నర. నాలుగున్నర ధరలోంచి ఆ 0.7 తీసేస్తే క్వింటాలుకి 3.8 మిగులుతుంది. 78న్నరని 3.8తో భాగిస్తే 20 పైన, అంటే 21 క్వింటాళ్లు రావాలి. మీ ఇద్దరి 17 రోజులూ వేసుకోకపోతే 16, 17 క్వింటాళ్లతో చేతి డబ్బు చేతికొస్తుంది. ఆ రెండు అంకెల మధ్య పంట వచ్చిందంటే అప్పు కాలేదు గానీ, మీ కష్టానికి పూర్తి కూలి రాలేదన్నమాట.

ఇందులో కౌలు లేదు, వడ్డీ లేదు. పొలం సొంతమే కాబట్టి కౌలు వదిలేశాను. బయట అప్పు తెస్తే, కోతకి ముందు పెట్టే డబ్బుకి సగటున మూడు నెలల వడ్డీ కలుపుకో.

మెట్టచేను

నాన్న అప్పు మాట ఎందుకు ఎత్తేవారో ఇప్పుడు తెలిసిందా నాయనా. 29 అని రాసుకున్నాడు, చేతికొచ్చింది 25. అందులో ఏ ఏడు తక్కువ పండితే ఆ ఏడు ఆయన ఎక్కడ తెచ్చేవాడో ఆయనకే తెలుసు.

తొలకరి

తెలిసింది తాతా. నిన్న రాత్రి ఈ లెక్క ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత జాయింటు ఎక్కడ కారుతోందని అడిగారు.

ట్రాలీబండి

తొలకరి అన్నా, ఒకటి అడగడం మర్చిపోయాను. ఆ నాలుగున్నర ధర బోర్డు మీద చూసిందా, నాన్న గారి చేతికొచ్చిందా? కమీషను, తరుగు, కాటా, దింపుడు అన్నీ పోయాక చీటీలో ఆఖరున ఉండే అంకె చూసుకోవాలి. నేను తోలిన చాలామందికి ఆ రెండూ వేరుగా ఉంటాయి.

తొలకరి

బోర్డు ధరే అన్నా. పాత చీటీలు ఇంట్లో ఎక్కడో ఉన్నాయి, వెతకాలి. దింపుడు కూలి మనం 3లో వేశాం, చీటీలో కూడా కోశారంటే రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది, అదీ చూడాలి.

ఎర్రచిట్టా

మంచి పని. చేతికొచ్చింది 4.2 మాత్రమే అయితే నీకు 21 కాదు, 22, 23 క్వింటాళ్లు కావాలి.

మిరపమడి

నేను వేరే చర్చ పెట్టాను. అక్కా, మీరు అడిగినట్టే ముందు కోతల కూలీల రోజులు రాశాను, రేట్లు వేయలేదు. చూడండి.

తొలకరి

ఐదు చీటీలు దొరికాయి. మూడింటిలో తేమ ఎక్కువని తరుగు కోశారు, రెండింటిలో కోయలేదు. ఆ రెండూ ఆరబోసి తీసుకెళ్లినవట. ఆరబోతకి 4 కూలి పెట్టడం మేలా, పచ్చిగానే అమ్మి తరుగు పోగొట్టుకోవడం మేలా అన్నది మాత్రం ఈ ఐదింటితో తేల్చలేకపోతున్నాను, అన్నీ వేరు వేరు ధరలున్న ఏళ్లవి. ఎవరి దగ్గరైనా ఒకే వారంలో రెండు రకాలుగా అమ్మిన చీటీలు ఉంటే ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. రేపు జాయింటు మార్చి మళ్లీ డ్రమ్ము పెడతాను.